ఫొటోలో రాని వత్తులు

ఒక అమ్మాయి రాసిన జవాబులు సరిగానే ఉన్నాయని నాకు తెలుసు. తెలిసీ, చెప్పాల్సిన చోట ఆ మాట చెప్పలేదు. ఆ అమ్మాయి తండ్రి నలుగురిలో నిలబడి, తన బిడ్డ చేయని తప్పుకు మన్నించమని అడుగుతుంటే నేను ఆయనకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా జేబులో ఫోను ఉంది. అందులో ఆమె తప్పు లేదని చూపించే ఫొటో ఉంది. చెయ్యి జేబు దాకా పోలేదు.

ఇన్నేళ్ళూ ఎవరైనా అడిగితే, "ఫొటోలో ఉన్నదాన్ని బట్టి దిద్దినాను" అని చెప్పుకుంటూ వచ్చాను. ఆ మాట అబద్ధం కాదు. అందుకే అంతకాలం నన్ను కాపాడింది.

నేను పుట్టింది పులివెందుల పక్కన ఒక చిన్న పల్లెలో. ఫ్యాక్షన్ ముదిరిన రోజులవి. కొత్త మనిషి ఊళ్ళోకి వస్తే పేరు అడిగేవాళ్ళు కాదు, ఎవరి మనిషివని అడిగేవాళ్ళు. మా చిన్నాన్న ఒక కేసులో చూసింది చూసినట్టు సాక్ష్యం చెబుతానన్నాడు. చెప్పకముందే ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. ఆయన వెనకాలే మేమూ కదిలి ప్రొద్దుటూరు చేరుకున్నాం. పొలం దున్నిన మా నాయన బట్టల అంగట్లో గజం బద్ద పట్టుకున్నాడు. రోజూ నన్ను బడికి పంపేటప్పుడు ఒకటే మాట చెప్పేవాడు: "ఎవరన్నా ఏమన్నా అడిగితే తెల్దని చెప్పు. చూసినా తెల్దనే చెప్పు. గమ్మునుండేటోన్ని ఎవరూ ఏమీ చెయ్యరు." ఆ గమ్మునుండటానికి మా ఇంట్లో తెలివి అని పేరు. నేను ఆ తెలివితోనే పెరిగి, తెలుగు అయ్యవారినయ్యాను.

ఉద్యోగం జమ్మలమడుగు వైపు ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. కాపురం ప్రొద్దుటూరులోనే. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సెక్కి వచ్చేవాణ్ణి. అప్పటికి బాంబులు, వేటకొడవళ్ళు పోయి జెండాలు, ఫ్లెక్సీలు వచ్చాయి. ఊళ్ళో రెండు టీ బంకులు ఉండేవి. ఒక పార్టీ వాళ్ళు ఒక దాంట్లో తాగితే ఇంకో పార్టీ వాళ్ళు రెండో దాంట్లో తాగేవాళ్ళు. నేను రెండింట్లోనూ తాగేవాణ్ణి కాదు. ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవాణ్ణి.

కరోనాకు బడులు మూసేసిన ఏడాది మా పనంతా ఫోన్లోకి వచ్చింది. వారానికొక వర్క్‌షీట్ నేను చేత్తో రాసి, ఫొటో తీసి, పదో తరగతి గ్రూపులో పెట్టేవాణ్ణి. పిల్లలు కాగితం మీద జవాబులు రాసి, ఫొటో తీసి నాకు పంపేవాళ్ళు. ఫోన్లో ఆ ఫొటో తెరిచి, వేళ్ళతో పెద్దది చేసుకుని, ఎర్రరంగు పెట్టుకుని చూపుడు వేలితో టిక్కులూ సున్నాలూ పెట్టి తిరిగి పంపేవాణ్ణి. వ్యాసమో ఉత్తరమో అయితే ఎలాగో దిద్దవచ్చు. సంధులు, సమాసాలు అలా దిద్దడం నరకం. ఆ పాఠమంతా వత్తుల మీద నిలబడి ఉంటుంది. సత్ + జనుడు కలిస్తే సజ్జనుడు. జ కింద జ వత్తు పడిందా లేదా అన్నదే అక్కడ జవాబు. ఉత్ + జ్వలం కలిస్తే ఉజ్జ్వలం. జ కింద జ వత్తు, దానితో పాటు వ వత్తు, రెండూ ఉండాలి. సగం మంది ఒకటే పెడతారు. వాక్ + మయం వాఙ్మయం అవుతుంది. ఙ రాయడం చేతగాని పిల్లలు అక్కడ జ లాంటిదేదో గీసి ఊరుకుంటారు. విద్యార్థిలో ఉన్నది థ వత్తు, అర్ధరాత్రిలో ఉన్నది ధ వత్తు. రెండింటికీ తేడా కడుపులో ఒక చుక్క. పగిలిన అద్దం ఉన్న ఫోనుతో, చీకటి వరండాలో తీసిన ఫొటోలో ఆ చుక్కను వెతకాలి.

మొదట్లో అనుమానం వస్తే మళ్ళీ ఫొటో పంపమనేవాణ్ణి. పిల్లలు గడుసువాళ్ళు. నేను ఎర్ర సున్నా పెట్టిన చోట వత్తు దిద్ది, "సార్, ముందే రాసినా, ఫొటోలో పడ్లా" అని రెండో ఫొటో పంపేవాళ్ళు. ఒకడైతే పక్కవాడి కాగితం ఫొటో తీసి తనదని పంపాడు. కింద పక్కవాడి పేరు అలాగే ఉంది. దాంతో విసిగిపోయి గ్రూపులో ఒక నియమం పెట్టాను. మొదట వచ్చిన ఫొటోనే లెక్క. అందులో కనిపించనిది రాయనట్టే. ఆ నియమం పెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అందరికీ ఒకటే కొలత అనుకున్నాను.

ఆ ఏడాది పది పరీక్షలు జరగవని తేలాక ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్ళు మా బడికి ఒక ఉచిత సీటు ఇస్తామన్నారు. చదువు, హాస్టలు, భోజనం అన్నీ వాళ్ళవే. పరీక్షలు లేవు కాబట్టి, బడి వాళ్ళే పెట్టిన వర్క్‌షీట్ల మార్కులూ దిద్దిన ఫొటోలూ పంపాలని, అందరిలో పైన ఉన్న ఒక్కరిని తీసుకుంటామని చెప్పారు. మిగతా సబ్జెక్టులన్నీ అయిపోయేసరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరి మొత్తమూ ఇంచుమించు సమానం. చివరి వర్క్‌షీట్ తెలుగు. సంధులు, సమాసాలు. సీటు ఎవరికి పోవాలో దాంతో తేలుతుంది.

ఇద్దరిలో ఒకరు గొర్రెల కాపరి కూతురు. తండ్రి మందను తోలుకుని పెన్న వెంబడి పైరు కోసిన చేలల్లో తిరుగుతుండేవాడు. ఇంట్లో జేజి, అంటే నాయనమ్మ, ఈ పిల్ల. పక్కింట్లో చిన్నాన్న. ఆ చిన్నాన్న ఒక పార్టీకి బూత్ ఏజెంటు. ఫోను అతనిదే. పిల్ల బాగా చదివేది. క్లాసులో ఎదురు ప్రశ్నలు వేసేది. ఒకసారి నేను బోర్డు మీద మధ్యాహ్నం అని రాస్తూ న కింద హ వత్తు పెట్టాను. "సార్, హ కింద గదా న వత్తు రావాల్సింది" అని లేచి నిలబడింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు నొచ్చుకోలేదనే అనుకున్నాను.

రెండోవాడు ఒక విధవరాలి కొడుకు. వాళ్ళ నాయన, సర్పంచిగా చేసిన ఒక పెద్దాయన వెంట తిరిగి, వెనకటి గొడవల్లో చనిపోయాడు. అప్పటి నుంచి ఆ కుటుంబం మంచీ చెడ్డా పెద్దాయనే చూస్తున్నాడు. పిల్లవాడు నెమ్మదస్తుడు. వాడి మీద నాకు ఏ కోపమూ లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ముందు వచ్చింది అమ్మాయి ఫొటో. పేజీ పైసగం చక్కగా ఉంది. సజ్జనుడు, అత్యంతం, జగన్నాథుడు అన్నీ వత్తులతో సహా కుదురుగా ఉన్నాయి. కింది సగంలో ఒక్క వత్తూ లేదు. ఉజ్జ్వలం ఉండాల్సిన చోట ఉజలం. మూడు కన్నులు కలవాడు ముకంటి. మధ్యాహ్నం మధాహం. అన్నదమ్ములు ఏ సమాసమంటే దంద సమాసం.

ఏ తెలుగు అయ్యవారికైనా అక్కడే అర్థం కావాలి. వత్తులు రాని పిల్ల అన్ని చోట్లా తప్పుతుంది, లేదా కష్టమైన చోట తప్పుతుంది. పైసగంలో జగన్నాథుడికి న వత్తు పెట్టి, చుక్కతో సహా థ రాసిన పిల్ల కింది సగంలో ద్వంద్వాన్ని దంద అని రాయదు. నాకూ వింతగానే తోచింది. ఎర్రరంగు పెట్టకుండా, తర్వాత చూద్దామని ఫోను పక్కన పెట్టాను. ఆ సాయంత్రం పెద్దాయన ఫోను చేశాడు.

"ఏం సారూ, బాగుండావా?"

"బాగున్నాను. మీరు?"

"ఏదో ఉండాంలే. మా పిల్లోడు ఏందో సంధులంట, రాసి పంపినాడంట. వచ్చిందా?"

"ఇంకా చూడలేదు."

"చూడు, చూడు. నువ్వు ఎక్కువెయ్యి తక్కువెయ్యి అని నేనేం అడగను. నీ పని నీది. వాళ్ళ నాయన నాకోసం పోయినాడు సారూ. ఆ పిల్లోనికి ఒక దారి చూపిస్తే నా కడుపు సల్లగుంటాది. అంతే." మళ్ళీ తనే, "అవునూ, మీది పులివెందుల పక్కన గదా? మీ నాయన నాకు తెలుసులే. శానా మర్యాదస్తుడు. ఎవరి జోలికీ పోడు" అన్నాడు.

బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. నిజానికి ఆ మాటల్లో ప్రేమే ఉంది. అయినా మా నాయన ప్రస్తావన ఆ నోట వినగానే నేను మళ్ళీ పులివెందుల పక్క పల్లెలో చిన్నపిల్లవాణ్ణయ్యాను.

అప్పుడు అబ్బాయి ఫొటో తెరిచాను. వాడు జెల్ పెన్నుతో రాశాడు. సిరా పీల్చుకుని వత్తులన్నీ ఉబ్బి మరకలయ్యాయి. దానికి తోడు ఫొటో తీసేటప్పుడు చెయ్యి కదిలింది. ఉజ్జ్వలంలో జ కింద నల్లటి ముద్ద ఒకటి ఉంది. అందులో ఒక వత్తు ఉందో రెండున్నాయో దేవుడికే తెలియాలి. వాఙ్మయంలో ఉన్నది ఙ కావచ్చు, జ కావచ్చు. విద్యార్థిలో చుక్క ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నా నియమం ప్రకారం కనిపించనిది రాయనట్టే. కానీ నేను వేలితో పెద్దది చేసి, చిన్నది చేసి, చివరకు "తెలివైన పిల్లవాడు, రాసే ఉంటాడు" అనుకుని ప్రతి మరక మీదా టిక్కు పెట్టుకుంటూ పోయాను. పెద్ద తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. దయగా ఉన్నట్టే అనిపించింది.

ఆ వెంటనే అమ్మాయి ఫొటో తీసి, వత్తు లేని ప్రతి చోటా ఎర్ర సున్నా చుట్టి, మార్కులు కోసి తిరిగి పంపేశాను. ఒకరి దగ్గర కనిపించనిదాన్ని రాసినట్టు, ఇంకొకరి దగ్గర కనిపించనిదాన్ని రాయనట్టు దిద్దాను. పక్కపక్కన, ఒకే చూపుడు వేలితో.

మరుసటి రోజు నేను బడికి పోయాను. అప్పుడప్పుడూ అయ్యవార్లు మాత్రం రావాల్సిన రోజులవి. గేటు దగ్గర అమ్మాయి నిలబడి ఉంది. మూతికి వాళ్ళ జేజి చీర చింపి కుట్టిన మాస్కు. చేతిలో కాగితం.

"సార్, ఇది చూడండి. నేను అన్నీ రాసినా."

గీతల కాగితం. సన్నటి బాల్‌పెన్ను. అమ్మాయి రాత చిన్నది. అక్షరం గీతకు కాస్త పైన కూర్చుంటే వత్తు సరిగ్గా గీత మీద పడుతోంది. ఉజ్జ్వలం కింద రెండు వత్తులూ ఉన్నాయి. ముక్కంటి, మధ్యాహ్నం, ద్వంద్వం అన్నీ ఉన్నాయి.

"ఫొటో ఎవరు తీశారు?"

"మా చిన్నాయన సార్. ఆధార్ కాగితాలు పంపేదానికి ఆయన ఫోన్లో ఏదో యాప్ ఉండాది. దాంట్లో తీస్తే తెల్లగా, నీట్‌గా వస్తాదని దాంట్లోనే తీసినాడు."

నాకు మొత్తం అర్థమైంది. కాగితం కింది సగం మీద మనిషి నీడ పడి ఉంటుంది. నీడనూ గీతలనూ తుడిచి పేజీ తెల్లగా చేసే యాప్ అది. గీతను తుడుస్తూ గీత మీద పడ్డ వత్తులను కూడా తుడిచింది. పైసగంలో వెలుతురు ఉంది కాబట్టి వత్తులు మిగిలాయి.

"ఫొటోలో లేవమ్మా. రూలు అందరికీ తెలుసు గదా" అన్నాను.

"సార్, మీరే చూస్తాండారు గదా. ఉండాయి గదా."

"ఇప్పుడున్నాయి. అప్పుడున్నాయో లేదో నాకేం తెలుసు?"

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, గేటు తీస్తున్న అటెండరు వినేలా. తర్వాత ఊరంతా ఆ అమ్మాయి మీద వేసిన నింద మొదట పుట్టింది నా నోట్లోనే. అమ్మాయి ఏడవలేదు. కాగితం మడిచి, "తెలుసు సార్, మీకు" అని వెళ్ళిపోయింది.

స్టాఫ్ రూములో కూర్చుని మళ్ళీ ఆ ఫొటో తెరిచాను. ఎంత పెద్దది చేయగలనో అంత పెద్దది చేశాను. గీత చెరిగిపోయిన చోట, అక్షరాల కింద, అక్కడక్కడా బూడిదరంగు తునకలు కనిపించాయి. ద కింద వ వత్తు తోక. ఉజ్జ్వలం కింద చిన్న వంపు. యాప్ పూర్తిగా తుడవలేకపోయిన ముక్కలవి. ఫొటో తీసేనాటికే కాగితం మీద వత్తులు ఉన్నాయనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. హెడ్మాస్టరు లోపలికి వచ్చాడు. మార్కులు పైకి పంపాల్సింది ఆయన.

"ఏమప్పా, తెలుగు అయిపోయిందా? ఈ ఇద్దరివీ జాగ్రత్తగా చూసినావా? రేపు ఎవుడన్నా అడిగితే నేను చెప్పుకోవాల్సొస్తాది."

"చూశాను సార్."

"ఇద్దరివీ ఒకే తీరుగా దిద్దినావు గదా?"

ఫోను నా చేతిలోనే ఉంది. బూడిదరంగు తునకలు ఇంకా తెర మీదే ఉన్నాయి.

"ఒకే తీరే సార్" అన్నాను.

సీటు అబ్బాయికి వచ్చింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. పంచాయతీ ఎలక్షన్లు దగ్గర పడుతున్న రోజులు. ఊళ్ళో ఏది జరిగినా పార్టీ రంగు పూసుకునేది. అమ్మాయి చిన్నాన్న తన పార్టీ వాళ్ళు తాగే టీ బంకులో, "మేము వాళ్ళకు ఓటెయ్యం గాబట్టే మా బిడ్డకు మార్కులు కోసినారు. పేపర్ల అన్నీ కరెట్టుగా ఉండాయి" అన్నాడు. రెండో టీ బంకు నుంచి జవాబు వచ్చింది: "ఇంటికాడ కూచోని వత్తులు దిద్దుకోని పోయి సారుకు చూపిచ్చిందంట. పిల్ల గాదు, పిడుగు." నా మాటే తిరిగి తిరిగి అక్కడికి చేరింది. మరుసటి రోజు పొద్దునకల్లా బడి ముందు రెండు పక్కలా జనం. మోటరుసైకిళ్ళు. ఒకరిద్దరి చేతుల్లో కట్టెలు కూడా చూశాను. హెడ్మాస్టరు వరండాలో కుర్చీలు వేయించాడు. పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నారు. అమ్మాయి స్తంభం దగ్గర నిలబడింది.

పెద్దాయన మనిషి ఒకడు గట్టిగా అడిగాడు. "సారూ, నువ్వే చెప్పు. పిల్ల పంపిన ఫొటోలో వత్తులుండాయా, ల్యావా?"

"ఫొటోలో లేవు" అన్నాను.

"ఇనిండారా? ఫొటోలో ల్యావు. కాగితంలో ఉండాయి. అంటే తర్వాత ఎవురు పెట్టినట్ల?"

అందరూ నా వైపు చూశారు. ఒక్క వాక్యం చాలు. ఫొటో తీసిన యాప్ తుడిచింది, ఆనవాళ్ళు ఇక్కడే ఉన్నాయి, చూడండి అంటే చాలు. చిన్నాన్న కూడా ఎదురుచూస్తున్నాడు. పాపం, తను వాడిన యాపే ఈ పని చేసిందని అతనికీ తెలియదు. ఆ వాక్యం చెబితే దాని వెనకాల రెండోది వస్తుంది. మరి అబ్బాయి ఫొటో చూపించు అంటారు. ఆ మరకల మీద నా టిక్కులు బయటపడతాయి. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను.

"సారు మాట్లాడ్లా అంటే అర్థం కాలా?" అన్నాడు ఆ మనిషి. నవ్వులు. "దొంగ వత్తులు పెట్టే పిల్లకు సీటంట!"

చిన్నాన్న చొక్కా చేతులు మడుస్తూ ముందుకు వచ్చాడు. ఆ పక్క నుంచి నలుగురు కదిలారు. సరిగ్గా అప్పుడే అమ్మాయి తండ్రి వచ్చాడు. చెన్నూరు దగ్గర ఎక్కడో మందతో ఉంటే ఎవరో కబురు పెట్టారట. బస్సు దిగి నేరుగా వచ్చాడు. కాళ్ళకు దుమ్ము, భుజాన కంబళి. తమ్ముణ్ణి రెండు చేతులా వెనక్కి నెట్టి, "యాడికిరా? యాడికి పోతాండావు? ఇంట్లో ఆడోళ్ళుండారు" అన్నాడు. తర్వాత తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని పెద్దాయన వైపు తిరిగాడు.

"అన్నా, చిన్నపిల్ల. తెలిసో తెలీకో చేసింటాది. తప్పు మాదే. ఈ సీట్లూ గీట్లూ మాకొద్దు. గొడవ మాత్రం వద్దు. మన్నించండి."

నా వైపు కూడా తిరిగి, "అయ్యోరా, మీరు గూడా మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు.

పెద్దాయన, "సరేలేప్పా, పిల్లలన్నాక ఉంటాది. పో, పో" అని లేచాడు. కట్టెలు వెనక్కి వెళ్ళిపోయాయి. అందరూ ఆ తండ్రిని మంచివాడన్నారు. గొడవ కాకుండా చేశాడన్నారు. హెడ్మాస్టరు నా భుజం తట్టి, "మంచిపని చేసినావు, గమ్మునున్నావు" అన్నాడు. స్తంభం దగ్గర అమ్మాయి మాత్రం వాళ్ళ నాయననే చూస్తోంది. ఆ చూపులో నా మీద కోపం లేదు. ఆయన మీదే ఉంది. తన మాట నమ్మకుండా తల దించినందుకు. వాళ్ళిద్దరి మధ్య నేను పెట్టింది అదే.

అబ్బాయి ప్రొద్దుటూరులో చదువుకుని బాగుపడ్డాడు. అమ్మాయి జమ్మలమడుగులో ప్రభుత్వ కాలేజీలో చేరింది. బస్సు ఉన్న రోజు పోయేది, లేని రోజు లేదు. కొన్నాళ్ళకు మానేసిందని విన్నాను. తండ్రితో మాట్లాడటం కూడా తగ్గించిందని ఎవరో అన్నారు. నాకు మరో బడికి బదిలీ అయింది. కొత్త బడిలో సంధులు చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఉజ్జ్వలం బోర్డు మీద రాయకుండా తప్పించుకునేవాణ్ణి. పుస్తకంలో చూసుకోండి అనేవాణ్ణి.

మొన్న మా అమ్మాయి పెళ్ళికని ప్రొద్దుటూరులోనే ఒక నగల అంగడికి పోయాం. మా ఆడవాళ్ళు గాజులు చూస్తున్నారు. కౌంటరు వెనక, కంపెనీ చీరలో ఆ అమ్మాయి. పెట్టె తెరుస్తూ నన్ను చూసింది. "నమస్తే సార్" అని మళ్ళీ పెట్టె వైపు తిరిగి మా వాళ్ళకు గాజులు చూపించడం మొదలుపెట్టింది. ఓపికగా, ఒక్కొక్కటీ చేతికి తొడిగి చూపించింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. మా వాళ్ళు లేచే ముందు మళ్ళీ లోపలికి పోయాను.

"అమ్మా, ఆ రోజు నీ కాగితం సరిగానే ఉండింది. ఫొటోలో కూడా ఆనవాళ్ళు ఉన్నాయి. నేను చూశాను. చెప్పలేదు" అన్నాను.

ఆ అమ్మాయి చుట్టూ చూసింది, సూపర్‌వైజరు వింటున్నాడేమోనని. "నాకు తెలుసు గదా సార్, నేను రాసిందో లేదో. నాకు చెప్పి ఏం చేస్తారు? తలగుడ్డ తీసింది నేను గాదు."

"మీ నాయనకు చెబుతాను."

"ఒక్కరికే చెప్పాలంటే పోవద్దు సార్. ఆయన నలుగురిలో అడుక్కున్నాడు" అంది. తర్వాత మా వాళ్ళ వైపు తిరిగి, "అమ్మా, ఈ డిజైన్‌లో ఇంకొకటుండాది, చూస్తారా?" అంది.

పెద్దాయన ఇంకా ఉన్నాడు. మా నాయన లేడు. బస్సు ఎక్కేముందు ఎన్నిసార్లు వెనక్కి వచ్చానో రాయడానికి సిగ్గుగా ఉంది. చివరకు ఒక ఆదివారం ఆ ఊరికి పోయాను. సాయంత్రం పాలకేంద్రం ముందు రెండు పార్టీల వాళ్ళూ క్యాన్లతో నిలబడతారు. ఊళ్ళో అందరూ కలిసే చోటు అదొక్కటే. గొర్రెలు అమ్ముకుని ఆ అమ్మాయి తండ్రి ఇప్పుడు రెండు బర్రెలు పెట్టుకున్నాడు. వరుసలో ఉన్నాడు. నన్ను చూసి, "ఏం అయ్యోరా, ఇట్లొస్తిరి?" అన్నాడు.

"మీతో మాట్లాడాలి. అందరూ వినాలి" అన్నాను. ఒకడు, "ఏంది సారూ, ఎలక్షన్లో నిలబడతాండావా?" అన్నాడు. కొందరు నవ్వారు. నేను ఆగలేదు.

"మీ బిడ్డ వత్తులు తర్వాత పెట్టలేదు. ముందే రాసింది. ఫొటో తీసిన యాప్‌లో చెరిగిపోయినాయి. ఆ రోజే నేను ఫోన్లో చూసినా. మీరు తలగుడ్డ తీసే ముందే నాకు తెలుసు. ఇంకో పిల్లోని ఫొటో అంతకంటే మసగ్గా ఉంటే రాసే ఉంటాడని మార్కులేసినా. మీ బిడ్డకు మాత్రం కోసినా. ఆ పిల్లోని తప్పేమీ లేదు, నాకు భయమైంది, అంతే. తర్వాత దిద్దిందేమో అన్న మాట గూడా మొదట అన్నది నేనే. మీ బిడ్డ దొంగ గాదు. మీరు అడిగిన క్షమాపణ మీరు అడగాల్సింది గాదు. అది నాది. నన్ను మన్నించమని మిమ్మల్ని, మీ బిడ్డను, ఇంతమందిలో అడుగుతాండా."